మూటల ఇల్లు

మా వీధిలో ఎవరికీ ‘వద్దు’ అనడం రాదు. ఇది మెచ్చుకోలు కాదు, నా ఉక్రోషం. ఆ సంగతి ముందే గ్రహించి ఉంటే, ఆ ఏడు రెండు కుండల ఆవకాయా, ఒక గంపెడు వడియాలూ నా నెత్తిన పడేవి కావు.

మా ఇల్లు ఏలూరులో కాలువ రేవుకు పదడుగుల దూరంలో ఉండేది. వీధి అరుగు మీద కూర్చుంటే పడవలు కనిపించేవి. తెల్లవారుజామున నీళ్ళ మీద పొగమంచు తేలుతూ ఉంటే, ముందుగా పడవ కనిపించేది కాదు. గట్టు మీద తాడు లాగే మనుషుల పాట వినిపించేది, ఆ తరవాత తెరచాప కొస, ఆ తరవాత మెల్లిగా మనుషులు. ఇప్పుడు కూడా ఒక్కొక్క మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు నాకు ఆ పాటే వినిపిస్తుంది. కళ్ళు తెరిస్తే ఏమీ ఉండదు, గోడ మీద ఎండ తప్ప.

మా వారు ప్లీడరుగారి దగ్గర గుమాస్తా. జ్వరం తగిలి తొమ్మిది రోజుల్లో పోయారు. నాకప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. పిల్లలు లేరు. పన్నెండో రోజు కర్మ అయ్యాక మా మరిది నన్ను పిలిచి చాలా మెత్తగా చెప్పాడు. అతను తాడేపల్లిగూడెంలో బడి పంతులు.

“వదినా, ఆడమనిషి మీరొక్కరూ ఈ ఇల్లు ఏం నిలబెట్టుకుంటారు? పన్ను కట్టాలి, కప్పు నేయించాలి. ఇది అద్దెకిచ్చేసి, మీరు మా ఇంటికి వచ్చెయ్యండి. మా ఆవిడకి వంటలో చేదోడుగా ఉంటుంది.”

చేదోడు అంటే ఏమిటో నాకు తెలుసు. మా మేనత్త ఒకావిడ అలాగే చేదోడుగా వెళ్ళి, ముప్ఫై ఏళ్ళు పొయ్యి ముందు నుంచి లేవలేదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. “నా ఇల్లు నేనే నిలబెట్టుకుంటాను నాయనా,” అన్నాను.

అతను నవ్వలేదు, కేకలూ వెయ్యలేదు. “సరే వదినా. సంవత్సరీకం దాకా చూద్దాం. అప్పటికి మీ కాళ్ళ మీద మీరు నిలబడితే నేను మళ్ళీ ఈ మాట ఎత్తను. లేకపోతే మీరు కాదనకూడదు,” అన్నాడు. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక లోపలికి వెళ్ళి, చేతిలో ఏ విద్యా లేనిదాన్ని ఎందుకు నోరు జారానా అని ఏడ్చాను.

నాకు చేతనైనది వంట. కాబట్టి ఆవకాయ, వడియాలు అమ్ముదామనుకున్నాను. తెలివిగా, చేసే ముందు వీధంతా తిరిగి అడిగాను కూడా. కలెక్టరాఫీసు గుమాస్తాల ఇళ్ళు, పురోహితుల ఇళ్ళు, ఒక్కటీ వదల్లేదు.

“నేను వడియాలు పెడితే తీసుకుంటారాండీ?”

“అయ్యో, ఎంత మాటండీ! మీ చేతివి అయితే తీసుకోకేం చేస్తామండీ?”

అందరూ అదే మాట. ఇంకేముంది, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రెండు కుండల ఆవకాయా, గంపెడు వడియాలూ పెట్టేశాను. వడియాలు ఎండాయి. పట్టుకెళ్ళాను. “మొన్ననే మా అమ్మ పంపిందండీ.” “వచ్చే నెలలో తీసుకుంటామండీ.” “కూర్చోండి, కాఫీ తాగుతారా?” కాఫీలు మాత్రం బాగా దొరికాయి. ఒక్క ఇంట్లో కూడా ఆవకాయ గాని వడియాలు గాని చెల్లలేదు. ప్రతి ఇంటి అటక మీదా వాళ్ళవి వాళ్ళకే ఉన్నాయని నాకు తెలియదా? తెలుసు. కానీ మొహం మీద అంత తియ్యగా చెప్తే నమ్మేశాను. ఆ నెలంతా నేనే వడియాల పులుసు తిన్నాను.

అప్పుడు నాకు నేను ఒక ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఎవర్నీ ‘కొంటారా’ అని అడగకూడదు. వాళ్ళు చెప్పేది కాదు, చేసేది చూడాలి.

చూడడానికి నాకున్న చోటు అరుగు. చెప్పుకోవడానికి మనసొప్పదు గాని, తెల్లవారుజామున నేను అరుగు మీద కనిపిస్తే, ఊరికి బయల్దేరేవాళ్ళు ఇంట్లోకి వెళ్ళి కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. విధవ ఎదురు. అందుకని కిటికీ చెక్క ఓరగా తీసి, దాని వెనక కూర్చునేదాన్ని. రెండు ముంతలు పెట్టుకున్నాను. పడవ దిగిన ప్రతి మగవాడికి ఒక ముంతలో చింతపిక్క, ప్రతి ఆడదానికి రెండో ముంతలో చింతపిక్క. సాయంత్రం లెక్క చూసి, ఆ రోజు సంతో, కోర్టో, ముహూర్తమో గోడ మీద బొగ్గుతో రాసేదాన్ని. ఇలా చూస్తే నెల తిరిగేసరికి కొన్ని సంగతులు తెలిశాయి. వీధి వాళ్ళకు కావలసినవన్నీ ఇంటికే వస్తున్నాయి. ఏదీ రానిది ఆ పడవ మనుషులకే. కొల్లేటి లంకల నుంచి దోనెల మీద ఒడ్డుకొచ్చి, పెద్ద పడవ ఎక్కి, ఆస్పత్రికో, కోర్టు సాక్ష్యానికో, ఎండుచేపలూ చాపలూ అమ్ముకోవడానికో పొద్దున్నే దిగుతారు. మళ్ళీ పడవ మధ్యాహ్నం మూడు దాటాకే. అంతవరకూ ఎండలో ఉంటారు. ఆడవాళ్ళ ముంత నేననుకున్నదానికంటే త్వరగా నిండేది.

ఎండలో ఉన్నవాళ్ళకి ఏం కావాలి? మజ్జిగ. ఇంత తేలిక సంగతికి ఇన్నాళ్ళు పట్టిందా అని నన్ను నేనే తిట్టుకున్నాను. పెరుగు పలచగా చిలికి, అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి, కొత్త కుండలో ఇసుక మీద పెట్టి, గుమ్మం పక్కన కూర్చున్నాను. మగవాళ్ళు తాగారు. ఆడవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు తాగలేదు.

పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పిల్లలకి పట్టించేవారు. తాము మాత్రం, “ఇప్పుడే తాగొచ్చామండమ్మా,” అనేవారు. నా దగ్గరకు చాపలు తెచ్చే కొల్లేటి మనిషి ఒకతె ఉండేది. తుంగ చాపలు నెత్తిన పెట్టుకుని, నడుము నిటారుగా, ఎప్పుడూ ఏదో నవ్వు. ఆమెకైతే ఊరికే ఇస్తానన్నాను.

“ఇప్పుడే తాగొచ్చానండీ అమ్మగారూ.”

“ఎక్కడ తాగావే? పడవ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చావుగా.”

“అదేనండీ... పడవలో.” నవ్వేసి వెళ్ళిపోయింది.

మొదట అనుకున్నాను, నా మొహం చూసి తాగడం లేదని. విధవ చేతి మజ్జిగ తాగి ఆస్పత్రికి వెళ్తారా ఎవరైనా? ఆ రాత్రి అన్నం సయించలేదు. అయినా ఊరికే బాధపడి లాభం లేదు కదా, నిజమో కాదో తేల్చుకోవాలి. కూరలమ్మే ఆవిడ ఒకామె, రూపాయంత బొట్టు పెట్టుకునేది, ఆమెను బతిమాలి రెండు రోజులు నా కుండ దగ్గర కూర్చోబెట్టి నేను లోపల దాక్కున్నాను. మగవాళ్ళు తాగారు. ఆడవాళ్ళు తాగలేదు. హమ్మయ్య, నా మొహం కాదు! ఎంత సంతోషమేసిందో, వ్యాపారం పోయినా ఫరవాలేదనిపించింది ఒక గంట సేపు.

డబ్బు లేకనా అంటే, అదీ కాదు. ఊరికే ఇచ్చినా తాగలేదు. కులం పట్టింపా అంటే, మా ఇంటి మజ్జిగ తాగడానికి వాళ్ళకేం పట్టింపు? మా వీధి మీదుగా వెళ్ళే పెద్దింటి ఆడవాళ్ళు కూడా తాగలేదు మరి. ఏ వయసు వాళ్ళైనా, ఎవరైనా, ఆడదైతే చాలు తాగదు. కిటికీ వెనక కూర్చుని తల బద్దలు కొట్టుకున్నాను. అరుగు మీద నుంచి చూస్తే సగమే కనిపిస్తోందని తోచింది. మిగతా సగం పడవలో ఉంది.

కొల్లేటి ఒడ్డున, కైకలూరు వైపు, ఒక ఊళ్ళో మా పిన్ని ఉండేది. ఆవిణ్ణి చూసే వంక పెట్టుకుని, ఒక రోజు మధ్యాహ్నం పడవ ఎక్కాను. చాపల మనిషి కూడా అమ్మకం ముగించుకుని అదే పడవలో ఉంది. ఆడవాళ్ళం పడవ వెనక భాగంలో సర్దుకుని కూర్చున్నాం. ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. పొద్దున్న గలగలమంటూ దిగినవాళ్ళే, మధ్యాహ్నానికి పెదవి బిగించుకుని, మోకాళ్ళు దగ్గరకు చేర్చుకుని కూర్చున్నారు. ఒక గర్భిణి కళ్ళు మూసుకుని పక్కనున్న ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఊరు వెనక్కి జరిగింది. చేలు వచ్చాయి. ఎండ పసుపు రంగు తిరిగింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, పడవ కింద ఇంకో పడవ తలకిందులుగా నడుస్తున్నట్టుంది. నిద్రో మెలకువో తెలియని ఒక మగతలో నేను దాని వంకే చూస్తున్నాను.

ఊరు కనుమరుగయ్యాక కాలువ వంపు తిరిగే చోట ఒక తాటితోపు, దాని వెనక మొగలి పొదలు ఉన్నాయి. పడవ వాడు తనంతట తనే పడవను గట్టుకి ఆపాడు. మగవాళ్ళంతా అవతలి ఒడ్డు వైపు తిరిగి చుట్టలు వెలిగించారు. ఒక్కరు కూడా ఇటు తిరగలేదు. ఆడవాళ్ళందరూ లేచారు. చాపల మనిషి నా వంక చూసి, “రండమ్మగారూ,” అని చెయ్యి అందించింది.

వెళ్ళాను. అందరం వెళ్ళాం. పొదల వెనక నుంచి వచ్చేటప్పుడు చూడాలి వాళ్ళని! ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటున్నారు. పొద్దుటి గొంతులన్నీ తిరిగొచ్చాయి. గట్టు దిగి, కాలువ నీళ్ళల్లో మోకాలి లోతు నిలబడి, రెండు చేతులా నీళ్ళు తీసుకుని తాగారు. తాగారు, తాగారు, మెడ మీదుగా రవికె తడిసిపోయేలా తాగారు. ‘ఇప్పుడే తాగొచ్చానండీ’ అన్న చాపల మనిషి అందరికంటే ఎక్కువ తాగింది.

నేనూ వంగి తాగాను. అప్పుడు స్ఫురించింది, పొద్దున లేచిన దగ్గర్నుంచి నేను కూడా గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. ప్రయాణం ఉందని మానేశాను. మానేశానని నాకే తెలియదు. ఎవరైనా అడిగి ఉంటే ‘దాహం లేదండీ’ అని ఉండేదాన్ని. మా అమ్మ కూడా ఊరికెళ్ళే రోజు ఏమీ తాగేది కాదు. మాకెవరికీ ఎవరూ చెప్పలేదు, ఎవర్నీ చూసి నేర్చుకున్నట్టు కూడా గుర్తు లేదు. ఆ నీళ్ళల్లో నిలబడి నాకు ఏడుపు వచ్చింది. ఎందుకమ్మగారూ అని ఆమె అడిగితే, కంట్లో నలుసు పడిందన్నాను.

ఇక మా పిన్ని ఊళ్ళో మూడు రోజులు ఉన్నాను. చుట్టూ ఆకాశమెంతో నీళ్ళూ అంతే, నీళ్ళ మీద కిక్కిస గడ్డి, దాని మీద లేచే తెల్లటి కొంగల గుంపులు. ఆ మూడు రోజులు ఎవరో నా కలలో నన్ను నడిపించినట్టుంటుంది ఇప్పుడు తలుచుకుంటే. కాని చేసిన పని మాత్రం కల కాదు. పిన్ని ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ అడిగాను. మళ్ళీ వెనకటి తప్పు చెయ్యలేదు, ‘రేవు పక్కన ఆడవాళ్ళకి మరుగు చోటు పెడితే వస్తారా’ అనలేదు. కిందటిసారి ఏలూరు ఎప్పుడెళ్ళారు? ఎందుకెళ్ళారు? ఆ రోజు పొద్దున ఏం తిన్నారు? ఎక్కడ కూర్చున్నారు? తడిసిన చీర ఎక్కడ మార్చుకున్నారు? జరిగిపోయిన సంగతి అడిగితే మర్యాదకి అబద్ధం చెప్పే పని ఉండదు. “ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేస్తామండీ,” అంది ఒకావిడ. “మా పిల్లకి పొత్తికడుపులో నొప్పొచ్చి జ్వరం తగిలిందండి, ఉగ్గబట్టుకుని,” అంది ఇంకొకావిడ. “బయట చేరి ఉన్న రోజుల్లో సాక్ష్యానికి రమ్మంటే నాకు చచ్చిపోదామనిపించిందండీ,” అంది మూడో ఆవిడ, గొంతు తగ్గించి.

నా పెరడు ఆ రేవుకి పదడుగుల్లో ఉంది. పక్కన సందు ఉంది, వీధిలోకి రాకుండా సందులోంచే పెరట్లోకి రావచ్చు. నాకు కావలసిందంతా నా దగ్గరే ఉండి, ఆరు నెలలు కిటికీ వెనక కూర్చున్నాను చూశారా!

తిరిగొచ్చి వెంటనే కట్టేయలేదు. వడియాలు నేర్పిన బుద్ధి. ముందు పాత పంచెలు కట్టి ఒక్క మరుగు చేశాను. గొయ్యి తవ్విద్దామనుకుంటుంటే, మా వీధికి పాకీ పనికి వచ్చే ఆవిడ చూసి అడ్డుపడింది.

“గొయ్యొద్దమ్మగారూ. కాలువ పక్క కదండీ, రెండు మూరలు తవ్వితే ఊటొస్తది. వానాకాలం అంతా పైకి తేలతది, మీ నుయ్యి చెడతది. ఎత్తుగా దిమ్మ కట్టి, కింద బొక్కెన పెట్టండి. పోయినప్పుడల్లా బూడిద చల్లమనండి. వాసన ఉండదు, ఈగ రాదు. నేను రెండు పూటలా తీసేస్తాను.”

ఆమె చెప్పినట్టే చేశాను. ఇంట్లో పొయ్యి బూడిద ఎంతని వస్తుంది? ధాన్యం మిల్లులో ఊక కాల్చిన బూడిద కుప్పలుగా పారబోస్తారు. బండివాడికి కూలి ఇస్తే చాలు, బస్తాలు తెచ్చి పడేసేవాడు. మునిసిపాలిటీ ఇచ్చేది కాక ఆ పాకీ ఆవిడకు నేను విడిగా రోజు కూలి ఇచ్చాను. ఆమె లేకపోతే నా చోటు ఒక్క రోజు నిలిచేది కాదు. అయినా ఆమెను ఏనాడూ అరుగు మీద కూర్చోమనలేదు. ఆ సిగ్గు నాకిప్పటికీ ఉంది.

మొదటి వారం ఊరికే వాడుకోమన్నాను. చాపల మనిషి, ఆమె వెంట ఇద్దరు, అంతే వచ్చారు. అంత అవసరం ఉండీ ఎందుకు రారు? కిటికీ వెనక మళ్ళీ కూర్చున్నాను. చూస్తే, ఆడమనిషి సందు వైపు అడుగు వెయ్యగానే మొగుడో మామగారో “ఎక్కడికే?” అంటాడు. ఆమె తలొంచుకుని వెనక్కి వచ్చేస్తుంది. ఆ మాట నలుగురిలో నోటితో ఎలా చెప్తుంది? పైగా ఊరికే ఒకరి పెరట్లోకి వెళ్ళడం నామోషీ. చూస్తుండగా ఒక ముసలావిడని కొడుకు అడిగాడు, “ఎక్కడికమ్మా?” అని. ఆవిడ చంకలో మూట చూపించి, “ఈ మూట ఎక్కడన్నా పెట్టొస్తానురా, మొయ్యలేను,” అంది. కొడుకు సరేనన్నాడు.

అంతే. అదే నా వ్యాపారం.

మర్నాడు పొద్దున్నే సందు మొగలో నిలబడి, పడవ దిగిన వాళ్ళందరికీ వినపడేలా అరిచాను, “మూటలు, గంపలు ఇక్కడ పెట్టుకోవచ్చండీ! పడవ వేళకి తీసుకోవచ్చండీ! మూటకి కాణీ!” మగవాళ్ళే వాళ్ళ వాళ్ళని పంపించారు, “పోండి, మూట పెట్టి రండి,” అని. కాణీ కూడా వాళ్ళే ఇచ్చారు. లోపల ఏముందో చాపల మనిషి పడవలోనే ఆడవాళ్ళ చెవిన వేసేసింది.

చదువు రాని మనిషికి తన మూట తనకే ఇవ్వడం ఎలా? తాటాకు ముక్క తీసుకుని, దాని అంచున చాకుతో ఒక్కొక్కదానికి ఒక్కో రకంగా గాట్లు పెట్టి, నిలువునా రెండుగా చీల్చేదాన్ని. ఒక సగం మూటకి కట్టడం, రెండో సగం ఆమె కొంగున కట్టడం. సాయంత్రం రెండూ పక్కపక్కన పెడితే చీలిక అతుక్కోవాలి. ఒక్క మూట తారుమారు కాలేదు.

వచ్చిన లాభంతోటే ఒక్కొక్కటి పెంచాను. కొల్లేటి కిక్కిసతో ఒత్తుగా దడి కట్టించి మూడు మరుగులు. వాటికి దూరంగా, నూతికి ఇంకా దూరంగా, బండ పరిచి స్నానానికి ఒక చోటు. తడి చీర ఆరేసుకోవడానికి తాడు. పందిట్లో చంటిపిల్లలకి రెండు ఉయ్యాలలు. నీళ్ళు తొట్లలో నేనే తోడి పోసేదాన్ని, వాళ్ళని చేద వెయ్యనివ్వలేదు. వీధి వాళ్ళ నోటికి భయపడ్డాను, ఉన్నమాట. నా ధైర్యం ఆనాటికి అంతే. ఇక మజ్జిగ సంగతి చెప్పాలా? లోపలికి వెళ్ళొచ్చిన ప్రతి ఆడదీ గుమ్మం దగ్గర నిలబడి గ్లాసు ఎత్తి గటగటా తాగేది. చాపల మనిషి మొదటి రోజు రెండు గ్లాసులు తాగి మూతి తుడుచుకుంది.

“ఇప్పుడే తాగొచ్చానన్నావుగా?” అన్నాను.

“ఊరుకోండమ్మగారూ!” అంది, నవ్వుతూ నా చెయ్యి మీద కొట్టింది. విధవనైన నన్ను ఎవరైనా అలా చనువుగా ముట్టుకుని ఎన్నో నెలలైంది. ఆ చోట ఆ రోజంతా నాకు వెచ్చగా ఉన్నట్టనిపించింది.

వీధి ఊరుకుంటుందా? ఎదురుగా ఎవరూ ఏమీ అనలేదు, అనడం వాళ్ళకి రాదుగా! “బాగుందండీ మీ పని,” అంటూనే మా మరిదికి కార్డు రాశారు. మీ వదిన అడ్డమైన వాళ్ళనీ పెరట్లోకి రానిస్తోంది, ఇంట్లో పాకీదొడ్లు పెట్టి డబ్బు చేసుకుంటోంది, మీ వంశం పరువు కాలవలో కలిపేసింది, అని. ఆ కార్డు నాకతనే తెచ్చి చూపించాడు. సంవత్సరీకం ఇంకా రెండు వారాలుండగానే వచ్చేశాడు, పెళ్ళాన్ని కూడా వెంటబెట్టుకుని, నా సామాను సర్దడానికి సాయమని. తాడేపల్లిగూడెంలో పొద్దుటి రైలెక్కి, స్టేషన్ నుంచి జట్కాలో దిగారు.

“నిలబడ్డారు వదినా, కాదనను,” అన్నాడు, అరుగు మీదే కూర్చుని. ఈసారి గొంతు మెత్తగా లేదు. “కానీ దేని మీద నిలబడ్డారు? మా అన్నయ్య ఇంట్లో... నోటితో అనడానికే నాకు సిగ్గుగా ఉంది. ఆ దడి ఇవాళ పీకించేస్తాను. మీరు సాయంత్రం బండికి మాతో వచ్చేస్తున్నారు.”

నేను ఏదైనా అనాలి. ఏడాదిగా నాలుక మీద దాచుకున్న మాటలున్నాయి. ఒక్కటీ రాలేదు. ఎందుకంటే అతనన్నది నిజమే, అది నోటితో అనడానికి నాకూ సిగ్గే. ఆ పని పేరు పెట్టి నేనూ ఎవరితోనూ అనలేదు. మూటలు, మూటలు అనే అన్నాను.

నా తోటికోడలు గుమ్మం లోపల నిలబడి ఉంది. ఆరో నెల. ఆ పిల్ల మొగుడి ముందు నోరెత్తి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మంచినీళ్ళ గ్లాసు అందించాను.

“వద్దక్కయ్యా. ఇప్పుడే తాగొచ్చాను,” అంది.

ఆ పిల్ల పెదాల వంక చూశాను. ఎండిపోయి, తెల్లగా పొర లేచి ఉన్నాయి. చెయ్యి గోడకి ఆనించుకుంది. మా వాళ్ళ ఇళ్ళల్లో, ప్రయాణం చేసి రాగానే ఆడపిల్ల పెరడెక్కడని అడగదు. ముందు కూర్చోవాలి, యోగక్షేమాలు చెప్పుకోవాలి, ఎవరో ఒకరు తీసుకెళ్ళేదాకా ఆగాలి.

చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాను. అప్పుడే పడవ ఒకటి వచ్చి, సందులోంచి అయిదారుగురు మూటలతో వస్తున్నారు. చాపల మనిషి తాటాకు ముక్కలు కడుతోంది. ఆ పిల్ల కడుపు చూసి అందరూ పక్కకి తప్పుకుని, “మీరు ముందెళ్ళండి తల్లీ,” అన్నారు.

బయటికి వచ్చాక తొట్టి దగ్గర మొహం కడుక్కుంది. గ్లాసుడు నీళ్ళు తాగింది. ఇంకో గ్లాసు. మజ్జిగ ఇస్తే అదీ తాగింది. ఆ తరవాత ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడి, ఎండలో ఆరుతున్న చీరలూ, ఒకరి జుట్టు ఒకరు దువ్వుకుంటున్న ఆడవాళ్ళూ, చాలా సేపు చూస్తూ ఉంది. దడి సందుల్లోంచి కాలువ వెలుగు ఆ పిల్ల మొహం మీద కదులుతోంది. “రాత్రి నుంచి తాగలేదక్కయ్యా,” అంది మెల్లిగా. “రైల్లో కడుపులో బిడ్డ కదలకపోతే భయమేసింది. ఆయనకెలా చెప్పను?”

“ఇప్పుడు కదులుతోందా?”

నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. విధవ చెయ్యి. శుభకార్యానికి నన్ను ఎదురు రానివ్వని ఇంటి పిల్ల. లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది. ఇద్దరం నవ్వేశాం, ఏడ్చేశాం.

అరుగు మీదకి నాకంటే ముందు ఆ పిల్లే వెళ్ళింది. నేను తలుపు చాటునే ఆగిపోయాను.

“ఏవండీ.”

“ఏమిటి?”

“దడి పీకించకండి.” మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది. “నేను రాత్రి నుంచి నీళ్ళు మానేసి, పొద్దున్నుంచి ఉగ్గబట్టుకుని ఉన్నానండి. గూడెం స్టేషన్లోనూ చోటు లేదు, రైల్లో ఆడాళ్ళ పెట్టెలో దొడ్డి కంపుకి లోపలికి అడుగు పెట్టలేకపోయాను. మీరు నాలుగు సార్లు దిగొచ్చారు. నన్ను ఒక్కసారైనా అడిగారా?”

మా మరిది కార్డు ముక్క చేతిలో అటూ ఇటూ తిప్పాడు. రేవులో ఇంకో పడవ ఆగింది. సందు వైపు నడుస్తున్న ఆడవాళ్ళని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. “సంవత్సరీకానికి వస్తాం వదినా,” అన్నాడు. ఆ కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వంట మాట, ఇల్లు అద్దె మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

సాయంత్రం జట్కా ఎక్కబోతూ నా తోటికోడలు గబగబా వెనక్కి వచ్చింది. కొంగు ముడి విప్పి, ఒక కాణీ తీసి నా చేతిలో పెట్టింది.

“ఇదేమిటే? నువ్వు మూటే తేలేదుగా,” అన్నాను.

“తెచ్చానక్కయ్యా,” అని కడుపు మీద చెయ్యి వేసుకుంది. “పురిటి ముందు ఆస్పత్రికి మళ్ళీ ఇక్కడికే వస్తాను. తాటాకు ముక్క ఒకటి ఇవ్వు.”

గాట్లు పెట్టి, నిలువునా చీల్చి, సగం ఆ పిల్ల కొంగున కట్టాను. రెండో సగం నా దగ్గరే ఉంది.